ఖాళీలు తుడిచేయండి, ‘1’ జోలికి మాత్రం పోకండి

మొన్నామధ్య మా టీమ్‌లో ఒక కోడ్ రివ్యూ దగ్గర బండి ఆగిపోయింది. మార్పు చూస్తే చిన్నదే. లాగిన్‌కి ఎప్పటికప్పుడు మారే కోడ్ చూపించే అథెంటికేటర్ యాప్‌లో, సైట్ ఇచ్చిన సీక్రెట్ కీని చేత్తో టైప్ చేసే పెట్టె ఒకటి ఉంటుంది కదా, అందులో యూజర్ కొట్టినదాంట్లోంచి ఖాళీలు తీసేసి, చిన్న అక్షరాలను పెద్దవి చేసి, ఆ తర్వాత డీకోడ్ చేసేలా ఒక కుర్రాడు నాలుగు లైన్లు రాశాడు. రివ్యూ చేసిన సీనియర్ దాన్ని ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరం ఏమిటంటే, ఆ కీని రాసే బేస్32 పద్ధతి ఎలా ఉండాలో నిర్దేశించే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4648 ప్రకారం, అక్షరమాలలో లేని గుర్తు కనిపిస్తే డీకోడర్ దాన్ని తిరస్కరించి తీరాలి. మనం జాలిపడి సర్దేస్తే అది రేపు సెక్యూరిటీ లోపమై కూర్చుంటుంది.

ఆ కామెంట్ కింద చాలా చర్చ జరిగింది. నేనూ అందులో వేలు పెట్టాను. అక్కడ మూడు ముక్కల్లో చెప్పినదాన్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ఖాళీలు, చిన్న పెద్ద అక్షరాల తేడా యాప్ తనంతట తానే నోరెత్తకుండా సర్దుకోవాలి. అయితే అదే ఊపులో ‘0’ని O గా, ‘1’ని L గా మార్చేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. అది మాత్రం చేయకూడదు. పైకి రెండూ ఒకే రకం సాయంలా కనిపిస్తాయి గానీ వాటి స్వభావం వేరు.

పాస్‌వర్డ్ కాదిది

ఈ వాదనలో ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. పాస్‌వర్డ్‌లో చిన్న a, పెద్ద A ఒకటి కావు. ఖాళీ కూడా పాస్‌వర్డ్‌లో భాగమే. అందుకని సీక్రెట్ కీ కూడా అంతేనని అనుకుంటారు. కానీ మనకు తెర మీద కనిపించే ఆ అక్షరాల వరుస అసలు రహస్యం కాదు. రహస్యం అంటే కొన్ని బైట్లు. వాటిని మనిషి చూసి టైప్ చేయడానికి వీలుగా రాసిన రాత మాత్రమే బేస్32.

ఉదాహరణకు డాక్యుమెంటేషన్లలో తరచూ కనిపించే JBSWY3DPEHPK3PXP అనే కీని తీసుకుందాం. బేస్32 అక్షరమాలలో A నుంచి Z వరకు 0 నుంచి 25, ఆ తర్వాత 2 నుంచి 7 వరకు ఉన్న అంకెలకు 26 నుంచి 31 విలువలు. మొత్తం 32 గుర్తులు కాబట్టి ఒక్కో గుర్తు సరిగ్గా 5 బిట్లు మోస్తుంది. J విలువ 9, అంటే 01001. B విలువ 1, అంటే 00001. రెండూ పక్కపక్కన పెట్టి మొదటి ఎనిమిది బిట్లు కత్తిరిస్తే 01001000 వస్తుంది. అది ఇంగ్లిష్ H కి ఉన్న బైటు. ఇలాగే ఎనిమిది గుర్తులకు ఐదు బైట్లు చొప్పున లెక్క తెగుతుంది. JBSWY3DP విప్పితే Hello అని వస్తుంది, మిగతా సగం విప్పితే ఆశ్చర్యార్థకం, దాని వెనక నాలుగు బైట్లు. మొత్తం పది బైట్లు, అంటే 80 బిట్లు.

ఇప్పుడు ఇదే కీని jbsw y3dp ehpk 3pxp అని రాశామనుకోండి. బైట్లు మారాయా? లేదు. చిన్న j కి వేరే విలువేమీ లేదు, ఖాళీకి అసలు విలువే లేదు. ఆ రెంటినీ తుడిచేస్తే సమాచారం ఒక్క బిట్ కూడా పోదు, కొత్తగా ఏమీ చేరదు. “కేస్ పట్టించుకోకపోతే కీ బలం తగ్గదా?” అని మా చర్చలోనే ఒకరు అడిగారు. తగ్గదు. గుర్తుకి 5 బిట్లు అన్నది మొదటి నుంచీ పెద్ద అక్షరాలతోనే వేసిన లెక్క. ఒక్కసారి మాత్రమే చెల్లే కోడ్‌లు తయారుచేసే పద్ధతి హెచ్‌ఓటీపీని నిర్వచించిన ఆర్‌ఎఫ్‌సీ 4226, రహస్యం కనీసం 128 బిట్లు ఉండాలని, 160 అయితే మంచిదని చెబుతుంది. 160 బిట్లంటే 20 బైట్లు, బేస్32లో 32 గుర్తులు. చాలా సైట్లు ఇచ్చే పొడుగాటి కీ అదే. చిన్న అక్షరాలతో రాసినా అవి 160 బిట్లే.

ఇంతకీ ఆ ఖాళీలు ఎవరు పెట్టారు? యూజర్ కాదు. సైటే పెట్టింది. 32 గుర్తులు ఒకే ముద్దగా కనిపిస్తే ఎక్కడి దాకా కొట్టామో కన్ను తప్పిపోతుందని నాలుగేసి చొప్పున విడగొట్టి చూపిస్తారు. గూగుల్ అయితే చిన్న అక్షరాల్లో, ఖాళీలతో చూపించి, ఖాళీలు ఉన్నా లేకున్నా ఫర్వాలేదని పక్కనే రాస్తుంది. స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్లకు కూడా ఈ విడగొట్టడం ఎంతో మేలు. అంటే ఒక చేత్తో మనమే ఖాళీలు పెట్టి చూపిస్తాం, చూపించింది చూపించినట్టు కొడితే ఇంకో చేత్తో “కీ చెల్లదు” అంటాం. ఇదెక్కడి న్యాయం?

బాబాయ్ ఫోన్ కాల్

తెనాలిలో ఉండే మా బాబాయ్ తన మెయిల్‌కి రెండంచెల భద్రత పెట్టుకోవాలనుకున్నారు. ఆయన ఫోన్ కెమెరా ఎప్పుడో పాడైంది, క్యూఆర్ స్కాన్ కుదరదు. కంప్యూటర్ తెర మీద కీ చూస్తూ ఫోన్‌లో కొట్టడమే దారి. మధ్యలో నాకు ఫోన్ చేశారు.

“ఏమ్మా, నాలుగు అక్షరాలకోసారి ఖాళీ ఉంది. అదీ కొట్టాలా? కొట్టకపోతే ఒప్పుకోదేమో!”

“అక్షరాలేమిటో నాకు చదవకండి బాబాయ్. ఖాళీ కొట్టినా కొట్టకపోయినా ఒకటే.”

ఒకటే కాలేదు. ఆయన వాడుతున్న యాప్ ఖాళీలు ఉన్న కీని తోసేసింది. ఎందుకు తోసేసిందో చెప్పలేదు, చెల్లదని ఊరుకుంది. ఆయన ఖాళీలన్నీ చెరిపి మళ్లీ కొట్టారు. ఈసారి ఫోన్ కీబోర్డు తన తెలివి చూపించింది. మొదటి అక్షరాన్ని దానంతటదే పెద్దది చేసింది, మధ్యలో ఏదో ముక్క ఇంగ్లిష్ మాటలా అనిపించిందేమో, దాని తర్వాత ఒక ఖాళీ చేర్చింది. ఆ ఖాళీ ఆయన కంటపడేసరికి చాలాసేపు పట్టింది. “నేను కొట్టందే అదెలా వచ్చిందమ్మా?” అని ఆయన చిరాకు.

క్యూఆర్ ఉండగా కీ చేత్తో కొట్టేవాళ్లెవరు, ఈ గొడవంతా ఎందుకు అని అడిగేవాళ్లు దీన్ని కొంచెం ఆలోచించాలి. కెమెరా పనిచేయని ఫోన్లు మాత్రమే కాదు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోనే అయితే, సైటూ అందులోనే, యాప్ కూడా అందులోనే. ఫోన్ తన తెరను తానే ఫొటో తీసుకోలేదు కదా. వాళ్లంతా కీని కాపీ చేసి అతికించాల్సిందే, లేదా చూసి కొట్టాల్సిందే.

కాపీ చేసి అతికిస్తే తప్పులు రావనుకుంటాం. కానీ మామూలు ఖాళీలా కనిపిస్తూ లోపల వేరే కోడ్ ఉన్న ఖాళీలు వెబ్ పేజీల్లో మామూలే. లైను విరగకూడదని పెట్టే U+00A0 అందులో ఒకటి. కోడ్‌లో replace(" ", "") అని రాసుకుంటే ఇది పోదు, ఎందుకంటే అది వెతుకుతున్నది U+0020 ని మాత్రమే. ఇక అసలు కనిపించనివి కూడా ఉన్నాయి. తెలుగు టైప్ చేసేవాళ్లకు బాగా తెలిసినది U+200C. ‘సాఫ్ట్‌వేర్’ అని సరిగ్గా రాయాలంటే ట కింద వ ఒత్తు పడకుండా ఆపేది అదే. తెలుగులో రాసిన సూచనల మధ్య కీ ఉండి, దాన్ని కాపీ చేసేటప్పుడు వేలు ఒక అక్షరం ముందుకు జరిగిందంటే అది కూడా వెంట వచ్చేయొచ్చు. పైథాన్‌లో \s అనేది U+00A0 ని పట్టుకుంటుంది గానీ U+200C ని పట్టుకోదు. దాని లెక్కలో అది ఖాళీ కాదు మరి. తెర మీద చూస్తే కీ అచ్చం సరిగ్గా ఉంటుంది, యాప్ మాత్రం చెల్లదంటుంది. బాబాయ్‌కి దొరికిన ఖాళీ కనీసం కంటికి కనిపించేది.

ఆర్‌ఎఫ్‌సీ ఏమంటోంది

మా సీనియర్ వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4648లో ఆయన చెప్పిన మాట నిజంగానే ఉంది. దానికి కారణాలు కూడా భద్రత గురించిన భాగంలో ఇచ్చారు. అక్షరమాలలో లేని గుర్తులను డీకోడర్ పట్టించుకోకుండా వదిలేస్తే, వాటిలో ఎవరైనా రహస్యంగా వేరే సమాచారం దాచి పంపొచ్చు. రెండు వేర్వేరు రాతలు ఒకే బైట్లుగా విప్పుకుంటాయి కాబట్టి, రాతను రాతతో పోల్చి చూసే తనిఖీలను తప్పించుకోవచ్చు. అక్షరాల కేస్ వదిలేసినా ఇదే చిక్కు అని కూడా అందులో ఉంది.

రెండో కారణం నిజంగా దెబ్బతీసేదే. ఒక కీ ఇప్పటికే నమోదైందో లేదో చూడటానికి మీరు యూజర్ కొట్టిన రాతనే డేటాబేస్‌లో ఉన్న రాతతో పోలుస్తున్నారనుకోండి. jbsw y3dp, JBSWY3DP రెండూ వేర్వేరు కీలుగా నమోదైపోతాయి.

అయితే అదే ఆర్‌ఎఫ్‌సీ ఆ నియమానికి ఒక మినహాయింపు కూడా ఇచ్చింది. దీన్ని ఆధారంగా తీసుకునే ఇంకో నిర్దేశం స్పష్టంగా వేరేలా చెబితే తప్ప తిరస్కరించాలన్నారు. అథెంటికేటర్ యాప్‌ల లోకంలో ఇప్పటికే ఇలాంటి సడలింపులున్నాయి. క్యూఆర్ లోపల ఉండే otpauth:// లింకు రూపాన్ని వివరించే గూగుల్ పత్రం, చివర ఉండాల్సిన = గుర్తులు అక్కర్లేదని, వదిలేయమని చెబుతుంది. అసలైన బేస్32లో ఎనిమిది గుర్తుల లెక్క పూర్తి కాకపోతే ఆ = గుర్తులతో నింపాలి. అంటే రోజూ మనం స్కాన్ చేసే క్యూఆర్‌లే ఆర్‌ఎఫ్‌సీ మాటను అక్షరాలా పాటించనక్కర్లేదు.

నేనైతే డీకోడర్‌ని ముట్టుకోనే వద్దంటాను. అది ఎంత కఠినంగా ఉంటే అంత మంచిది. బియ్యంలో రాళ్లు ఎసట్లో పోసే ముందే చేటలో ఏరేసినట్టు, శుభ్రం చేసే పని డీకోడర్ ముందు, యూజర్ కొట్టిన పెట్టె దగ్గర ఒక్కసారే జరగాలి. ఆ తర్వాత ఎక్కడా యూజర్ రాసిన రూపం మిగలకూడదు. దాచుకునేది విప్పిన బైట్లనే, పోల్చేది ఆ బైట్లనే. అప్పుడు రాతలు వేరైనా కీ ఒకటే అన్న చిక్కు దానంతటదే పోతుంది. రహస్యంగా సమాచారం దాచడం గురించి భయం కూడా ఇక్కడ పెద్దగా వర్తించదు. తన కీని తన ఫోన్‌లో తనే కొట్టుకునే మనిషి ఎవరికి ఏం దాచి పంపుతాడు?

```python
import base64, re

def clean(text):
    s = re.sub(r"[\s\-\u200b\u200c\u200d\u2060\ufeff]", "", text)
    s = s.rstrip("=")
    if not re.fullmatch(r"[A-Za-z2-7]+", s):
        raise ValueError("bad character")
    return s.upper()

def decode(s):
    return base64.b32decode(s + "=" * (-len(s) % 8))
```

ఇందులో వరుస ముఖ్యం. ముందు తనిఖీ, ఆ తర్వాతే upper(). తిరగేసి రాస్తే ఏమవుతుందో చూడండి. జర్మన్ అక్షరం ß ని పైథాన్ పెద్దది చేస్తే SS అవుతుంది. ఉండకూడని ఒక గుర్తు కాస్తా చెల్లే రెండు గుర్తులైపోయి తనిఖీ దాటేస్తుంది. జావాలో ఇంకో తమాషా ఉంది. ఫోన్ భాష టర్కిష్‌లో ఉంటే మామూలు toUpperCase() చిన్న i ని చుక్క ఉన్న పెద్ద İ గా మారుస్తుంది, ఆ అక్షరం బేస్32లో లేదు. ఇక్కడ టెస్టింగ్‌లో అన్నీ బాగుంటాయి, ఇస్తాంబుల్‌లో ఎవరికో i ఉన్న ప్రతి కీ చెల్లకుండా పోతుంది. Locale.ROOT అని చెప్పి మార్పిస్తే ఆ బాధ ఉండదు.

పైథాన్ b32decode తనంతట తాను చిన్న అక్షరాలను ఒప్పుకోదు, casefold=True అని అడిగితేనే ఒప్పుకుంటుంది. ఖాళీలను కూడా మామూలుగా ఒప్పుకోదు. చాలామంది దీన్ని లోపమంటారు గానీ నాకు అదే సరైన పద్ధతి అనిపిస్తుంది. డీకోడర్ డీకోడర్‌లాగే ఉంది.

ఇక ‘1’ సంగతి

బేస్32 అక్షరమాలలో 0, 1, 8, 9 లేవు. 0 ని O అని, 1 ని I అని లేదా L అని, 8 ని B అని పొరపడతారని వాటిని పక్కన పెట్టారు. 26 అక్షరాలకు ఆరు అంకెలు చేరిస్తే 32 నిండుతుంది కాబట్టి 9 అవసరం పడలేదు. కాబట్టి యూజర్ కొట్టినదాంట్లో 0 గానీ 1 గానీ కనిపిస్తే అది తప్పేనని కచ్చితంగా తెలుసు. తెలిసినప్పుడు దిద్దేస్తే పోలా?

ఈ ప్రశ్న వేసినవాళ్లు తక్కువవాళ్లేమీ కాదు. లినక్స్ సర్వర్లలో లాగిన్‌కి వాడే గూగుల్ అథెంటికేటర్ పామ్ మాడ్యూల్ సోర్స్ తెరిచి చూడండి. అందులోని బేస్32 డీకోడర్ ఖాళీలను, అడ్డగీతలను వదిలేస్తుంది. అంతటితో ఆగకుండా 0 ని O గా, 1 ని L గా, 8 ని B గా మార్చుకుంటుంది. తరచూ తప్పుగా కొట్టే గుర్తులని పక్కన కామెంట్ కూడా ఉంటుంది.

0, 8 ల వరకు కొంత నచ్చజెప్పుకోవచ్చు. 1 దగ్గర మాత్రం నాకు మింగుడు పడదు. 1 లాగా కనిపించేవి రెండున్నాయి, ఆ రెండూ అక్షరమాలలో ఉన్నాయి. ఏది అసలుదన్నది సైట్ కీని ఎలా చూపించిందన్న దాన్నిబట్టి ఉంటుంది. చిన్న అక్షరాల్లో చూపించి ఉంటే 1 లా కనిపించేది l. పెద్ద అక్షరాల్లో చూపించి ఉంటే L ని చూసి ఎవరూ 1 అనుకోరు, 1 లా కనిపించేది I. ఆర్‌ఎఫ్‌సీ కూడా ఈ మాటే అంటుంది: 1 ని I అనో L అనో తీసుకోవచ్చు, అది కేస్‌ని బట్టి ఉంటుందని. అంటే ఎప్పుడూ L అని స్థిరపరచుకున్న డీకోడర్, పెద్ద అక్షరాల్లో కీ చూపించే సైట్ల దగ్గర సరిగ్గా ఉల్టా ఊహిస్తుంది. పైథాన్‌లో దీనికి map01 అనే ఆప్షన్ ఉంది. 1 ని I గా తీసుకోవాలా L గా తీసుకోవాలా అన్నది పిలిచేవాళ్లే చెప్పాలి. చెప్పకపోతే 0, 1 రెంటినీ తిరస్కరిస్తుంది, భద్రత కోసమే అలా పెట్టామని డాక్యుమెంటేషన్‌లో రాశారు కూడా.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. యూజర్ మిగతా అక్షరాలను చిన్నవిగా కొట్టాడా పెద్దవిగా కొట్టాడా అన్నది ఒక ఆధారం. చిన్నవిగా కొట్టి ఉంటే తెర మీద కూడా చిన్నవే చూసి ఉంటాడని అనుకోవచ్చు. కానీ మనం శుభ్రం చేసేటప్పుడు అన్నీ పెద్దవి చేసేశాక ఆ ఆధారం చెరిగిపోతుంది. ఊహించదలచుకున్నవాళ్లు కనీసం upper() కి ముందు ఊహించాలి. అలా చేసినా అది ఊహే. పెద్ద అక్షరాల కీని చూస్తూ, ఫోన్‌లో క్యాప్స్ పెట్టే ఓపిక లేక చిన్నవి కొట్టేవాళ్లు బోలెడుమంది.

ఊహ తప్పితే ఏమవుతుందన్నది అసలు ప్రశ్న. బేస్32లో తప్పును పట్టించే చెక్ గుర్తు ఏదీ లేదు. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ రూపొందించిన ఇంకో రకం బేస్32లో కావాలంటే చివర ఒక తనిఖీ గుర్తు పెట్టుకోవచ్చు, అక్షరమాలలోంచి I, L, O ఎలాగూ తీసేశారు కాబట్టి 1 విషయంలో సందేహమే రాదు. అథెంటికేటర్ యాప్‌లు వాడేది మాత్రం అది కాదు. ఇక్కడ I బదులు L పడితే యాప్‌కి అది కూడా ఒక కీయే. కిక్కురుమనకుండా ఒప్పుకుంటుంది, 30 సెకన్లకోసారి ఆరంకెల కోడ్ చూపిస్తూనే ఉంటుంది. అన్నీ తప్పు కోడ్‌లే. లోపల జరిగేది హెచ్‌మ్యాక్ అనే క్రిప్టో లెక్క, కీలో ఒక్క బిట్ మారినా ఫలితానికీ అసలు కోడ్‌కీ సంబంధం ఉండదు. కొంచెం తప్పు అనేది ఉండదిక్కడ.

ఈ తేడా వల్లే నేను గీత ఇక్కడ గీస్తున్నాను. ఖాళీ తీసేస్తే మన నిర్ణయం తప్పయ్యే అవకాశమే లేదు. 1 ని మార్చితే తప్పవ్వొచ్చు, తప్పైతే ఆ తప్పు కనిపించదు. ఎర్ర అక్షరాల్లో “మూడో గుంపులో రెండో గుర్తు 1. ఈ కీలో 1 ఉండదు. అది I గానీ L గానీ అయ్యుండాలి, ఇంకోసారి చూడండి” అని చెబితే మనిషి తెర వైపు చూసి పది సెకన్లలో దిద్దుకుంటాడు. కళ్ల ముందు అసలు కీ ఉన్నది అతనికే, యాప్‌కి కాదు. అన్నట్టు, ఆ మెసేజ్‌లో గానీ లాగ్‌లో గానీ కొట్టిన కీ మొత్తాన్ని అచ్చేయకూడదు. చెల్లని కీ అంటే తొంభై పాళ్లు అసలు కీయే, ఒక్క గుర్తు తేడాతో. స్థానం చెబితే చాలు.

శుభ్రత వల్ల బాగుపడనివి

పోనీ 0, 1, 8 ల విషయంలో ఇంత కచ్చితంగా ఉంటే అన్ని తప్పులూ దొరుకుతాయా? దొరకవు. Z, 2 రెండూ అక్షరమాలలో ఉన్నాయి. S, 5 కూడా. G, 6 కూడా. వీటిలో ఒకదాని బదులు ఇంకోటి కొడితే ఏ డీకోడరూ పట్టుకోలేదు. బాబాయ్ కీ చివరికి యాప్‌లోకి ఎక్కిందని చెప్పలేదు కదూ, ఎక్కింది. ఎక్కాక వచ్చిన కోడ్‌ని సైట్ ఒప్పుకోలేదు. ఫోన్ టైమ్ తప్పుందేమోనని ఎవరో చెబితే ఆయన గడియారం సెట్టింగులు తిప్పడం మొదలుపెట్టారు. ఫోన్ టైమ్ నెట్‌వర్క్ నుంచి దానంతటదే వస్తోందని తేలాక, వరసగా వచ్చిన కోడ్‌లు కూడా చెల్లలేదని చెప్పాక, ఇక తప్పు కీలోనే అని అర్థమైంది. సర్వర్లు మామూలుగా ఒక 30 సెకన్ల గడి అటూఇటూ ఒప్పుకుంటాయి, కాబట్టి కాస్త ఆలస్యంగా కొట్టినందుకు వరసగా అన్నీ తప్పవు. కీని పక్కన పెట్టుకుని గుర్తు గుర్తు చూసుకుంటే s ఉండాల్సిన చోట 5 ఉంది.

అందుకే నమోదు పూర్తయ్యే ముందు సైట్ ఒక కోడ్ కొట్టించుకుని చూడాలి. అది సరిపోతేనే రెండంచెల లాగిన్ మొదలవ్వాలి. బాబాయ్ అకౌంట్ లాక్ అవకుండా బయటపడింది అలా అడిగినందుకే.

ఒక గుర్తు పూర్తిగా వదిలేస్తే? ఇది నాకు బాగా ఆసక్తి కలిగించిన మూల. బేస్32లో చివరి గుంపు పొడవుకి కొన్ని విలువలే కుదురుతాయి. పొడవుని ఎనిమిదితో భాగిస్తే శేషం 1, 3, 6 వస్తే అలాంటి కీ ఉండే వీలే లేదు. 32 గుర్తుల కీలో పొరపాటున ఒకటి రెండుసార్లు పడితే 33, శేషం 1, వెంటనే దొరికిపోతుంది. కానీ ఒకటి తప్పిపోతే 31, శేషం 7. అది చెల్లే పొడవే! మనుషులు ఎక్కువగా చేసే పొరపాటే పొడవు తనిఖీ కళ్లు కప్పేస్తుంది.

JBSWY3DPEHPK3PXP లో మొదటి 3 ని వదిలేశామనుకోండి. JBSWYDPEHPK3PXP, 15 గుర్తులు. పైన రాసిన decode దానికి ఒక = చేర్చి హాయిగా విప్పేస్తుంది. Hel వరకు సరిగ్గా వచ్చి, అక్కడి నుంచి బిట్లన్నీ ఐదు స్థానాలు జరిగిపోయి, తొమ్మిది బైట్ల వేరే కీ ఏదో చేతికొస్తుంది. ఒక్క ఆధారం మిగులుతుంది. 15 గుర్తులంటే 75 బిట్లు, తొమ్మిది బైట్లకు వాడింది 72. మిగిలిన మూడు బిట్లు సున్నాలై ఉండాలి. ఇక్కడ చివరి గుర్తు P, అంటే 01111, దాని చివరి మూడు బిట్లు 111. సున్నాలు కావు, కాబట్టి ఏదో తప్పిపోయింది. పైథాన్ మామూలుగా ఈ మిగులు బిట్లను చూడదు, మనమే చూసుకోవాలి. తేలికైన దారి, విప్పిన బైట్లను మళ్లీ బేస్32 చేసి మొదటి రాతతో సరిపోల్చడం:

```python
def looks_whole(s):
    again = base64.b32encode(decode(s)).decode().rstrip("=")
    return again == s
```

గుర్తులు యాదృచ్ఛికంగా ఉంటాయి కాబట్టి ఎనిమిదింటిలో ఏడుసార్లు ఇది పట్టుకుంటుంది.

దీన్ని పట్టుకుని కీని తిరస్కరించేద్దామా అంటే, ఇక్కడ నేనే వెనక్కి తగ్గుతాను. కొన్ని సైట్లు బైట్లు తయారుచేసి బేస్32 చేయవు. అక్షరమాలలోంచి గుర్తులను యాదృచ్ఛికంగా ఏరి వరసగా పెట్టేసి అదే కీ అంటాయి. పొడవు ఎనిమిది గుణిజం కాకపోతే ఆ కీల్లో మిగులు బిట్లు ఎలా పడితే అలా ఉంటాయి. 16 బైట్లను సక్రమంగా రాస్తే 26 గుర్తులు, 130 బిట్లు, చివరి రెండూ సున్నాలు. కానీ ఎవరో 26 గుర్తులు ఏరి పెట్టి ఉంటే నాలుగింటిలో మూడు కీలు ఈ తనిఖీలో తప్పుతాయి, ఆ యూజర్ తప్పేమీ లేకుండానే. సైట్ కూడా ఆ బిట్లను వదిలేసే విప్పుతుంది కాబట్టి కోడ్‌లు సరిగ్గానే వస్తాయి. అలాంటివాళ్లకు తలుపు మూసేయడం అన్యాయం. కాబట్టి ఇది అడ్డుకునే తనిఖీ కాకూడదు, హెచ్చరికగా ఉంటే చాలు: “కీ 31 గుర్తులే ఉంది, ఒకటి తప్పిపోయి ఉండొచ్చు. సైట్‌లో చూసి సరిపోల్చండి.” పక్కనే ‘అయినా చేర్చు’ బటన్.

మా రివ్యూ సంగతంటారా, ఖాళీలు, కేస్ శుభ్రం చేసే కోడ్ డీకోడర్‌కి బయట, విడిగా ఉండాలన్న షరతు మీద మా సీనియర్ ఒప్పుకున్నారు. 1 ని మార్చకూడదన్న దాని మీద మా ఇద్దరికీ మొదటి నుంచీ తేడా లేదు. 0 ని O గా మార్చే విషయం ఇంకా తేలలేదు. దానికి ఒక్క అర్థమే ఉంది కదా మార్చేద్దాం అని ఆ కుర్రాడు అంటాడు. చిన్న తెర మీద D ని, Q ని కూడా 0 అనుకుని కొట్టేవాళ్లుంటారు కాబట్టి అడగడమే మేలని నేనంటాను. ప్రస్తుతానికి అడుగుతున్నాం.